రెడీ ఫ్లాటులో మిగిలే ఆ 4 లక్షలు

“రెడీ ఫ్లాటుకు జీఎస్టీ లేదు, కడుతున్న దానికి 5 శాతం. కాబట్టి 80 లక్షల ఫ్లాటు రెడీగా కొంటే 4 లక్షలు మిగిలినట్టే. రెడీ ఫ్లాటు ధరలో పన్నన్నదే ఉండదు.”

రేట్లు సరైనవే. మొదటి చిక్కు ‘రెడీ’ అన్న మాటతోనే. టైల్స్ వేశారా, లిఫ్టు తిరుగుతోందా అని చట్టం చూడదు. పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చి ఉండాలి లేదా ఎవరైనా కాపురం మొదలుపెట్టి ఉండాలి, ఏది ముందైతే అది. అంతకన్నా ముఖ్యం, కొనేవారి డబ్బు మొత్తం ఆ తేదీ తర్వాతే అంది ఉండాలి.

నిరుడు నాకొక ఫ్లాటు చూపించారు. దీపాలన్నీ వెలుగుతున్నాయి, ఓసీ అనే ఆ ధ్రువపత్రం మాత్రం ‘వచ్చే నెల’. ఈలోగా 2 లక్షలు అడ్వాన్సు ఇమ్మన్నారు. ఇచ్చి ఉంటే, మిగతా 78 లక్షలు ఓసీ తర్వాత కట్టినా, పన్ను 2 లక్షల మీద కాదు, మొత్తం 80 లక్షల మీద పడేది. అందుకే ఓసీ నకలు అడిగి, దాని తేదీని మొదటి రసీదు తేదీతో పోల్చుకోవాలి.

ఇక ధరలో పన్నే ఉండదన్న మాట. బిల్డరు స్టీలుకు 18 శాతం, సిమెంటుకు 2025 సెప్టెంబరు వరకు 28, ఇప్పుడు 18 శాతం జీఎస్టీ కడతాడు. 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన 5 శాతం రేటుకు షరతు, ఆ కట్టిన పన్నును అతడు మన దగ్గర వసూలు చేసే పన్నులో సర్దుబాటు చేసుకోకూడదు. రెడీగా అమ్మినప్పుడు అసలు పన్నే వసూలు చేయడు కనుక అక్కడా సర్దుబాటు లేదు. ఎలా కొన్నా ఆ భారం ధరలో కలిసి మన నెత్తినే పడుతుంది, బిల్లులో కనిపించదంతే.

రెండు ఫ్లాట్ల ధరా ఒకటే అయితే 4 లక్షల తేడా నిజమే. కానీ ఈ లెక్క అమ్మేవాడికీ తెలుసు. పక్కపక్కనే ఇంకా కడుతున్నది 80 లక్షలకు, రెడీగా ఉన్నది 86 లక్షలకు వస్తుంటే, పన్నుతో కలిపి మొదటిది 84. రెడీది 2 లక్షలు ఎక్కువే, పైగా ధర పెరిగినకొద్దీ రిజిస్ట్రేషన్ ఖర్చూ పెరుగుతుంది. అయితే కట్టడం పూర్తయ్యేదాకా మీరిచ్చే అద్దె మొదటిదానికి కలుపుకోండి. అది నెలకు 20 వేలైతే పది నెలల్లో ఆ తేడా తీరిపోతుంది.

ఆ 5 శాతం కూడా అన్ని ఫ్లాట్లకూ కాదు. కార్పెట్ ఏరియా హైదరాబాద్‌లో 60 చదరపు మీటర్లు, విజయవాడ వంటి చోట్ల 90 దాటకుండా, మొత్తం 45 లక్షలకు మించకపోతే 1 శాతమే. ఆ మొత్తంలో పార్కింగు కూడా చేరుతుంది. 44 లక్షల ఫ్లాటుకు 44 వేలు పన్ను కట్టాల్సినవారు, 2 లక్షల పార్కింగు కలిపి 46 లక్షలు కాగానే 2.30 లక్షలు కట్టాలి.