బీపీ మెషిన్ తెరపై E కనిపిస్తే బీపీ పెరిగినట్టేనా?

ఫోన్లలో తిరుగుతున్న ఒక సందేశం ఇలా ఉంది: "ఇంట్లో బీపీ చూసుకునేవాళ్లు ఫోటో తీసి ఇలా సరిచూసుకోండి. గుండె బొమ్మ మెరుస్తుంటే గుండెలో ఏదో తేడా ఉన్నట్టు. తెరపై పెద్దగా కనిపించే అంకే బీపీ. చుక్క పెట్టి చిన్న అంకెలు వస్తే బీపీ పడిపోయినట్టు. E గానీ Err గానీ వస్తే కొలవలేనంత బీపీ ఉన్నట్టు, E పక్కన అంకె ఎంత పెద్దదైతే ప్రమాదం అంత ఎక్కువ. థర్మామీటర్‌పై Lo వస్తే ఒళ్లు చల్లబడిపోతున్నట్టు. అందరికీ పంపండి."

ముందు గుండె బొమ్మ సంగతి. కొలత జరుగుతున్నప్పుడు చేతికి చుట్టిన గాలి పట్టీ, అంటే కఫ్ కింద నాడి కొట్టుకోవడం మెషిన్‌కు అందిన ప్రతిసారీ ఆ బొమ్మ మెరుస్తుంది. నాడి దొరుకుతోందని చెప్పడమే దాని పని. చాలామంది దీన్ని మరో గుర్తుతో కలగాపులగం చేస్తున్నారు. కొన్ని మోడళ్లలో కొలత పూర్తయ్యాక, గుండె బొమ్మకు అలల గీతో విరిగిన గీతో చేర్చినట్టు ఉండే వేరే గుర్తు ఒకటి వస్తుంది. కొట్టుకునే వ్యవధులు సగటుకు బాగా అటూఇటూ అయినట్టు మెషిన్ లెక్కగట్టినప్పుడు అది వెలుగుతుంది. ఒక ప్రముఖ కంపెనీ మాన్యువల్ ఆ తేడాకు 25 శాతం హద్దు పెట్టింది. చేయి కదిలినా, మాట్లాడినా కూడా ఆ గుర్తు రావచ్చు. కదలకుండా కూర్చుని మళ్లీ చూసినా అదే పదేపదే వస్తుంటే డాక్టరుకు చూపించమని మాన్యువల్ చెబుతుంది. దాని అర్థం తేల్చాల్సింది ఆయనే, ఫోటో కాదు.

అసలు గందరగోళమంతా ఆ "పెద్ద అంకె" దగ్గరే ఉంది. ఇలాంటి ఫోటో ఒకటి ఊహించుకోండి: తెర మధ్యలో 176, పక్కన గుండె బొమ్మ, దగ్గరలో కిందికి చూసే త్రికోణం. ఇంకేమీ లేదు. చూసినవారు "నూట డెబ్బై ఆరా!" అని హడలిపోతారు. నిజానికి ఆ క్షణానికి మెషిన్ ఇంకా ఏమీ కొలిచి ముగించలేదు. 176 అనేది కఫ్‌లోని గాలి పీడనం. చాలా మెషిన్లు ముందు చేతి ధమనిలో రక్తం ఆగిపోయేంతగా గాలి నింపి, తర్వాత నెమ్మదిగా వదులుతూ, కఫ్‌లో కలిగే చిన్న కంపనాలను బట్టి రెండు పీడనాలను లెక్కగడతాయి. రక్తం ఆగాలంటే గాలి పీడనం బీపీలోని పై అంకెను దాటక తప్పదు. కాబట్టి ఈ పద్ధతిలో ఎవరికి చూసినా, మధ్యలో కనిపించే గరిష్ఠ అంకె చివరికి వచ్చే పై అంకె కంటే ఎక్కువే ఉంటుంది. కిందికి చూసే త్రికోణం గాలి దిగుతోందని చెబుతుంది. గాలి నింపుతూనే కొలిచే మోడళ్లూ ఉన్నాయి, వాటిలోనూ మధ్యలో కనిపించేది కఫ్ పీడనమే.

కొలత ముగిసిందని ఎలా తెలుస్తుంది? తెరపై మూడు అంకెలు వేర్వేరు వరుసల్లో నిలకడగా ఉండాలి. SYS ఎదురుగా పై అంకె, DIA ఎదురుగా కింది అంకె, PUL లేదా PULSE ఎదురుగా నిమిషానికి నాడి. మూడోదాన్ని కూడా రక్తపోటే అనుకునేవాళ్లు తక్కువేమీ కాదు. మూడూ ఉన్నా ఒక మూల M అనే అక్షరం ఉందేమో చూడండి. అది ఉంటే ఆ ఫోటోలో ఉన్నది మెమరీలోంచి తీసిన పాత కొలత. అది నిన్నటిదో, ఇంట్లో ఇంకొకరిదో కావచ్చు. తేదీ, గంట చూసి తేల్చుకుందామన్నా, బ్యాటరీలు మార్చాక గడియారం సరిదిద్దని మెషిన్ అయితే ఆ వివరమూ నమ్మదగింది కాదు.

ఇక చుక్క. 16.0, 10.7 అని కనిపిస్తే పక్కనే చిన్న అక్షరాల్లో kPa అని ఉందేమో వెతకండి. అది కిలోపాస్కల్, పీడనానికి మరో యూనిట్. సుమారు 7.5తో హెచ్చిస్తే మనకు అలవాటైన mmHg వస్తుంది. 16.0 అంటే 120, 10.7 అంటే 80. రెండు యూనిట్లూ చూపగల మెషిన్‌లో పొరపాటున బటన్ నొక్కితే మారింది యూనిట్, మనిషి కాదు.

E విషయంలో ఆ సందేశం రాసినవారు రెండు తప్పులు కలిపేశారు. మొదటిది, అంకె తీవ్రతకు కొలమానమన్నది. E1, E2, E4 అనేవి తప్పుల జాబితాలో వరుస సంఖ్యలు, అంతే. ఆ జాబితా కంపెనీ కంపెనీకి మారుతుంది. ఒక కంపెనీ కొత్త మోడళ్లలో E1 అంటే గొట్టం ప్లగ్గు సరిగా దిగలేదనో, కఫ్ సరిగా చుట్టలేదనో, గాలి లీకవుతోందనో. E4 అంటే కొలుస్తుండగా కదిలారని లేదా మాట్లాడారని. Er అంటే మెషిన్‌లోనే లోపం. ఇంకో కంపెనీ అంకెల జోలికి పోకుండా Err కింద CUF అని రాస్తుంది, కఫ్ సరిగా కట్టలేదని. అందుకే మోడల్ నంబరు లేకుండా E ఫోటో ఒక్కటే పంపి అర్థం చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. మెషిన్ అడుగుభాగం కూడా ఫోటో తీసి పంపితే మాన్యువల్ తిరగేయవచ్చు.

రెండో తప్పు, E అంటే కొలవలేనంత బీపీ అన్నది. ఇందులో ఆవగింజంత నిజం లేకపోలేదు. పైన చెప్పిన మోడళ్లలో E2కు రెండు కారణాలు రాసి ఉంటాయి: కదలడం లేదా మాట్లాడటం వల్ల గాలి చాలినంత నిండకపోవడం, లేదా పై అంకె 210 దాటి ఉండటం. రెండింటిలో ఏది జరిగిందో కోడ్ చెప్పదు. కదలకుండా మళ్లీ కొలవాలి. పై అంకె 210 దాటుతుందని ముందే తెలిసినవారికైతే, స్టార్ట్ బటన్‌ను నొక్కిపట్టి ఊహించిన పై అంకె కంటే 30 నుంచి 40 mmHg ఎక్కువ వచ్చేదాకా గాలి నింపే పద్ధతి ఆ మాన్యువల్‌లోనే ఉంది. ఏ కోడ్ వచ్చినా తేలేది కొలత కుదరలేదన్న ఒక్క సంగతే. అది బీపీ ఎక్కువని చెప్పదు, బాగానే ఉందనీ చెప్పదు. మనిషికి బాగా లేకపోతే కోడ్ అర్థం వెతుకుతూ కూర్చోకుండా వైద్యసాయం తీసుకోవాలి.

థర్మామీటర్‌పై Lo గొడవ ఇంకా తేలిక. మామూలు డిజిటల్ థర్మామీటర్ ఆన్ చేయగానే ముందు 188.8 లాంటి అంకె వెలుగుతుంది. తెరలోని గీతలన్నీ పనిచేస్తున్నాయో లేదో అది తనను తాను చూసుకుంటోంది. తర్వాత చాలా మోడళ్లలో పాత కొలత ఒకసారి వచ్చి పోతుంది. ఆపైన Lo లేదా L, పక్కన మెరిసే °C. కొన చుట్టూ ఉన్న వేడి దాని కొలిచే హద్దు కంటే, సాధారణంగా 32 డిగ్రీల సెల్సియస్ కంటే, తక్కువగా ఉందని దాని భావం. గదిలో గాలిలో పట్టుకున్నప్పుడు అలా రావడం సహజమే, ఇక నోట్లో పెట్టుకోవచ్చని అర్థం. మెరుపు ఆగి బీప్ వచ్చాక ఉన్న అంకే కొలత. అది 37.0 అయినా 98.6 అయినా ఒకటే వేడి, పక్కనున్నది C నా F నా అన్నదే తేడా.

188.8 వెలిగే ఆ ఒక్క క్షణాన్ని మాత్రం వదలకుండా చూడండి. ఒక 8లో మధ్య గీత వెలగకపోతే అది 0లా, కుడివైపు పై గీత పోతే 6లా కనిపిస్తుంది. బీపీ మెషిన్ తెరపై కూడా మధ్య అంకెలో అదే మధ్య గీత పోతే 188 కాస్తా 108 అవుతుంది, అక్కడ Err కూడా రాదు.