అగరబత్తి పద్దు

మా ఆఫీసులో మొన్న మార్చి నుంచి జూన్ దాకా ఒక రాజ్యాంగ సంక్షోభం నడిచింది. ఏ పేపరూ రాయలేదు కాబట్టి చరిత్ర కోసం నేనే రాస్తున్నాను.

తిరుపతి ఎండ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. మా సెక్షన్‌లో పదకొండు మందిమి. రెండు ఫ్యాన్లు, ఒక కూలర్. ఆ కూలర్ అకౌంట్స్ అన్న కుర్చీ వెనకాల ఉంటుంది. గాలి ముందు ఆయన్ని పలకరించి, ఆ తర్వాత మా దగ్గరికి వస్తుంది. పదకొండున్నర దాటాక ఆ గాలితో పాటు ఇంకొకటి కూడా వచ్చేది. చెమట వాసన. సంక్షోభమంటే అదే.

అకౌంట్స్ అన్న మంచి మనిషి. ఎవరింట్లో పెళ్లయినా ముందుగా వెళ్లి చివర్న తిరిగొస్తాడు. అందుకే ఆయనకు ఈ సంగతి ఎవరూ చెప్పలేకపోయారు. చెడ్డవాడై ఉంటే మొదటి వారంలోనే చెప్పేసేవాళ్లం. మంచివాడు కావడంతో చెప్పకుండా ఉండటానికి పదిమందిమి కలిసి నాలుగు నెలలు కష్టపడ్డాం.

మొదటి చర్య అగరబత్తి. కొండ కింది ఊరు కాబట్టి ఇక్కడ అగరబత్తి ఎందుకని ఎవరూ అడగరు. పొద్దున ఒకటి, భోజనాలయ్యాక రెండు. మల్లె, చెమట కలిసి మూడో వాసన ఒకటి పుట్టింది, దానికి తెలుగులో ఇంకా పేరు పెట్టలేదు. ఖర్చు చిల్లర ఖాతాలో 'పూజా సామగ్రి' కింద రాసేవాళ్లం. ఆ ఓచర్లు పాస్ చేసేది అకౌంట్స్ అన్నే. "ఈ మధ్య మనోళ్లకు భక్తి ఎక్కువైందే" అని సంతోషపడుతూ సంతకం పెట్టేవాడు.

రెండోది వాట్సాప్. 'వేసవిలో వ్యక్తిగత పరిశుభ్రత' అని ఎవరో గ్రూపులో పెట్టారు. అందరికంటే ముందు బొటనవేలు గుర్తు పెట్టింది అన్నే. తర్వాత దాన్ని వాళ్ల బంధువుల గ్రూపుకు కూడా పంపాడట.

మూడోది నోటీసు. 'సిబ్బంది అందరూ శుభ్రమైన దుస్తులతో హాజరు కావలెను' అని బోర్డు మీద అంటించారు. ఇది మాత్రం గురి చూసి కొట్టింది, అయితే తగిలింది వేరే మనిషికి. రోజూ ఉతికి ఇస్త్రీ చేసిన చీరలో వచ్చే మా అటెండర్ అక్క దాన్ని చదివి, తనను ఉద్దేశించే రాశారనుకుని, మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నీళ్ల గ్లాసు కూడా దూరంగా పెట్టి వెళ్లిపోయేది. ఆమెను ఓదార్చడానికి ఇంకో కమిటీ వేయాల్సి వచ్చింది.

నాలుగోది పుట్టినరోజు కానుక. డియోడరెంట్ సీసా. అన్న దాన్ని కాలేజీకి వెళ్లే కొడుక్కిచ్చాడు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఘుమఘుమలాడుతున్నాడని వినికిడి.

ఇన్ని సూచనలు ఎందుకు వృథా అయ్యాయో అప్పుడు ఎవరూ ఆలోచించలేదు. ఒకే వాసన ఎంతసేపూ ముక్కు దగ్గరే ఉంటే, ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. పూలంగడి ఆయనకు మల్లె వాసన తెలియనట్టే ఎవరి ఒంటి వాసన వాళ్లకు తెలియదు. తన దగ్గర వాసన ఉందని తెలియని మనిషికి సూచన చేస్తే అది పక్కవాళ్ల గురించి అనుకుంటాడు. ఎప్పుడూ శుభ్రంగా ఉండాలని భయపడే మనిషే దాన్ని తన మీద వేసుకుంటుంది. అటెండర్ అక్క విషయంలో జరిగింది ఇదే.

చివరికి మేనేజర్ గారు నన్ను పిలిచారు. "నువ్వు ఆయనకు కావాల్సినవాడివి కదా, మెల్లగా ఒక మాట చెప్పేయ్" అన్నారు. నన్ను ఏకసభ్య విచారణ కమిషన్‌గా నియమిస్తున్నానని అనలేదు కానీ, నేను అలాగే తీసుకున్నాను. పది రోజులు విచారించాను.

ముందు సాక్షుల వాంగ్మూలాలు. ఒకరు నీళ్ల కరువన్నారు. ఇంకొకరు వాళ్లింట్లో వంటల గురించి మాట్లాడారు. ఒకాయన గొంతు తగ్గించి, "వాళ్లంతా అంతేలే" అన్నాడు. ఈ మాట దగ్గర నాకు వ్యంగ్యం రాయడం చేతకావడం లేదు. మన దేశంలో ఒక మనిషి వాసన గురించి మాట మొదలైతే అది ఎంత వేగంగా కులం దాకా పోతుందో ఆ గదిలో చూశాను. అందుకే కమిషన్ మొదటి నిర్ణయం తీసుకుంది. అన్న తిండి, ఇల్లు, ఒళ్లు, పుట్టుక ఏవీ విచారణ పరిధిలోకి రావు.

మిగిలింది చొక్కా. నిజానికి దోషి కూడా అదే. గమనిస్తే మూడు సంగతులు తేలాయి. పొద్దున పదింటికి అన్న పక్కన కూర్చున్నా ఏ వాసనా లేదు. ఒంట్లో వేడి పెరిగి చంకలు తడిసిన గంటకు మొదలవుతోంది. ఇక శుక్రవారం గుడికి వెళ్లి ఆ నూలు చొక్కాతోనే ఆఫీసుకు వచ్చిన రెండు వారాలూ సాయంత్రం దాకా ఏమీ లేదు. అదే ఎండ, అదే మనిషి, అదే చెమట. మారింది బట్ట ఒక్కటే.

అసలు అప్పుడే కారిన చెమటకు వాసన ఉండదు. చంకల్లో ఒక రకం గ్రంథులు కొంచెం జిడ్డుగా ఉండే చెమటను వదులుతాయి. చర్మం మీద ఉండే బ్యాక్టీరియా దాన్ని తిని విరగ్గొడితే వాసన పుడుతుంది. పాలియెస్టర్ బట్ట ఆ జిడ్డును పట్టుకుని మామూలు ఉతుకులో సులభంగా వదలదు. చన్నీళ్లలో గబగబా ఉతికిన చొక్కా ఆరాక శుభ్రంగానే ఉంటుంది. ఒంటి వేడీ, తడీ తగలగానే పాత వాసన మళ్లీ లేస్తుంది. మనిషి దినానికి రెండుసార్లు స్నానం చేసినా సరే. దీన్ని నిర్ధారించుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఉతికి ఆరిన చొక్కా చంక దగ్గర కాస్త తడి చేసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే, వాసన ఉంటే అక్కడే బయటపడుతుంది. అంటే వాళ్ల వీధి ఇస్త్రీ బండి ఆయనకు ఇదంతా ఎప్పుడో తెలిసి ఉంటుంది. ఆయన కూడా మాలాగే మర్యాదస్తుడు.

ఇక తీర్పు వినిపించే చోటు. మేనేజర్ గారి గదికి అద్దాల తలుపు ఉంది, అందులో పెదాల కదలిక చదవగలిగినవాళ్లు మా సెక్షన్‌లో నలుగురున్నారు. టీ అంగడి అంతకంటే ఘోరం. పొద్దున్నే చెప్తే పాపం సాయంత్రం దాకా అదే చొక్కాలో, అదే కూలర్ ముందు, చేతులు దగ్గరికి పెట్టుకుని కూర్చోవాలి. కాబట్టి సాయంత్రం, అందరూ వెళ్లాక, బండ్ల షెడ్డులో. అదీ శనివారం. మధ్యలో ఆదివారం ఉంటే ఆయనకు ఏదైనా చేసుకోవడానికి కొంత వెసులుబాటు.

ఏం అనాలో ఇంటి దగ్గర నాలుగుసార్లు అద్దం ముందు చెప్పుకున్నాను. మొదటి ముసాయిదాలో ఉపోద్ఘాతం ఏడు నిమిషాలు వచ్చింది. దానికి ఆయన నాకు అప్పు కావాలేమో అనుకుంటాడు. కొట్టేయగా కొట్టేయగా ఇంత మిగిలింది:

"అన్నా, ఒక మాట. చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది. మధ్యాహ్నం పైన నీ చొక్కాలోంచి చెమట వాసన వస్తాంది. నీకు తెలిసే అవకాశం లేదు. నాకైతే ఎవరైనా చెప్తే బాగుండు అనుకుంటాను, అందుకే చెప్తాండా."

అక్కడ ఆపేశాను. ఆపడమే అన్నిటికంటే కష్టం. ఆ మౌనంలో నోరు ఏదో ఒకటి కలపాలని లాగుతుంది. "అంత ఎక్కువేమీ కాదులే" అంటే చెప్పింది పోతుంది. నవ్వితే ఎగతాళి అవుతుంది. బండి తాళం చెవి తిప్పుకుంటూ నిలబడ్డాను.

అన్న ముఖం ఎర్రబడింది. చెయ్యి చంక దగ్గరికి పోయి మధ్యలో ఆగింది. తర్వాత, నేను భయపడిన ప్రశ్నే అడిగాడు. "అందరూ అనుకుంటాండారా?"

దీనికి నిజం చెప్తే ఆయన సోమవారం పదిమంది ముఖాలు చూడలేడు. అబద్ధం చెప్తే ఎప్పుడో ఒకరోజు అది బయటపడుతుంది. "వాళ్ల సంగతి వద్దన్నా. నేను నా మాట చెప్తాండా" అన్నాను. దాన్ని ఆయన ఎలా తీసుకున్నాడో నాకు ఆరోజు తెలియలేదు.

"దినానికి రెండుసార్లు నీళ్లు పోసుకుంటానే సామీ" అన్నాడు, గొంతు తగ్గించి.

"నీళ్ల గురించి కాదన్నా. శుక్రవారం నూలు చొక్కా వేసుకున్నప్పుడు ఏమీ ఉండదు. ఇది చొక్కా గోల" అన్నాను. ఆయన భుజాలు అంగుళం కిందికి దిగాయి. చొక్కాను తిట్టుకోవచ్చు, అది ఏమీ అనుకోదు.

మిగిలింది ఇంటిపని. చొక్కా తిరగేసి, బట్ట తట్టుకునేంత గోరువెచ్చటి నీళ్లలో సబ్బుపొడి వేసి గంటసేపు నానబెట్టాలి, చంక భాగం రుద్దాలి, సబ్బంతా పోయేదాకా జాడించాలి, తిరగేసే ఎండలో ఆరేయాలి. సువాసన కోసం కండిషనర్ పోస్తే అది బట్ట మీద ఇంకో పొర కడుతుంది, వద్దు. ఇస్త్రీ పరీక్షలో రెండుసార్లు తప్పిన చొక్కాను ఇంటి తుడుపుగుడ్డగా బదిలీ చేయాలి. చెమటను తగ్గించే మందు కొనుక్కుంటే పొద్దున కాదు, రాత్రి పొడి ఒంటికి రాసుకోవాలి, అప్పుడు ఇంకా బాగా పనిచేస్తుంది. ఇవన్నీ ఆయన అడిగాకే చెప్పాను. చొక్కాలు మార్చినా వాసన పోకపోయినా, ఎప్పుడూ లేని కొత్త రకం వాసన ఉన్నట్టుండి మొదలైనా అది డాక్టరు చూడాల్సిన సంగతి. అక్కడ కమిషన్‌కు అధికారం లేదు.

సోమవారం నేను చేసిన తప్పు కూడా రాయాలి. అన్న రాగానే ఆయన వైపు చూసి, ఎక్కువ ఆప్యాయంగా నవ్వాను. ఆయన తల దించుకున్నాడు. రోజూ నేను ఆయన్ని చూసి అలా నవ్వను. మధ్యాహ్నం వెళ్లి మామూలుగా నా టూర్ బిల్లు ఎందుకు ఆపావని గొడవ పెట్టుకున్నాను. అప్పటికి గానీ ఆయన తేలికపడలేదు.

మూడు వారాల్లో కూలర్ గాలి ఉత్త గాలి అయింది. మేనేజర్ గారు మీటింగులో, నోటీసు వల్ల సిబ్బందిలో చక్కటి మార్పు వచ్చిందని ప్రకటించారు. వాట్సాప్ పెట్టినాయన అది తన సందేశం వల్లనేనని నమ్ముతున్నాడు. నేను ఎవరినీ సరిదిద్దలేదు.

అగరబత్తి మాత్రం అలవాటు కొద్దీ సాగింది. జులై మొదటి వారంలో ఎప్పట్లాగే 'పూజా సామగ్రి' ఓచర్ అకౌంట్స్‌కు వెళ్లింది. సాయంత్రానికి సంతకం లేకుండా తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాలతో అన్న రాశాడు: 'ఇకపై అవసరం లేదని భావిస్తున్నాను.'