గంట కొట్టించినందుకు

నేను దస్తావేజులు రాసేవాడిని. నల్లగొండలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద నా బల్ల. కుర్చీకి మూడున్నర కాళ్లు. ఇంట్లో పెరుగు గిన్నె ఎవరికి అనే దాకా పంచి పెట్టిన అన్నదమ్ములను చూశాను. ప్రేమతో ఇస్తున్నానని రాయించి, బయటికి రాగానే డబ్బు లెక్కపెట్టుకున్న మామలనూ చూశాను. అందుకే ఎవరైనా "ఊరికే ఇస్తున్నాను" అంటే, కలం తీసే ముందు ఒకసారి వారి ముఖం చూస్తాను.

బత్తాయి తోట ఉన్న మా పక్కింటి అబ్బాయి, అతని భార్య ఒక సాయంత్రం కాగితాలు పట్టుకుని వచ్చారు. వాళ్ల పాప ఊళ్లోని సర్కారు బడిలో నాలుగో తరగతి. సోమవారం దాని పుట్టినరోజు. కొత్త గౌను కుట్టడానికి ఇస్తే, దర్జీ బతుకమ్మ బట్టల ఒత్తిడిలో పడి "రేపు రేపు" అంటూ కాజాలు కుట్టని గౌనును గోడకు వేలాడదీశాడు. పాప యూనిఫాంలోనే బడికి వెళ్లింది. నాలుగో తరగతి న్యాయస్థానంలో రంగు బట్టలు లేనిదే పుట్టినరోజు రుజువు కాదు. "అబద్ధం" అన్నారట తోటి పిల్లలు. ఏడుపు మొదలయ్యే లోపే టీచరమ్మ దాని చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకుపోయి, వేలాడే రైలుపట్టా ముక్క దగ్గర నిలబెట్టి, ఇనుప కడ్డీ చేతికిచ్చి, మధ్యాహ్నం గంట దాని చేత కొట్టించింది. అది అయిదు నిమిషాల ముందే కొట్టిందని వంట చేసే ఆమె సణిగిందట గానీ, బడి మొత్తం ఆకలితో బయటికి ఉరికింది కాబట్టి ఆ మాట ఎవరూ వినలేదు.

"ఆమెకు ఒక ఉత్తరం రాయాలి బాబాయ్. కానీ కాకా పట్టినట్టు ఉండకూడదు. దసరా తరవాత పరీక్షలు కదా" అన్నాడు అబ్బాయి. అని, తాను రాసుకొచ్చింది చదివాడు.

"గౌరవనీయులైన టీచర్ గారికి. మీవంటి ఉపాధ్యాయులు మన జిల్లాలోనే లేరు. మా పాపను మీ సొంత బిడ్డలాగా చూసుకోగలరని ప్రార్థన. మీకు ఎప్పుడు ఏ అవసరం వచ్చినా మేమున్నామని మరచిపోవద్దు."

మూడే వాక్యాలు. క్రయ దస్తావేజుకు కావలసిన సరుకంతా అందులోనే ఉంది. జిల్లాలోనే లేరు అన్నాడు, జిల్లాలో ఎంతమంది టీచర్లున్నారో తెలియకుండా. ధర పెంచి చెప్పేవాడి మాట అది. "చూసుకోగలరు" అన్నది జరిగినదానికి కృతజ్ఞత కాదు, జరగబోయేదానికి ఆర్డరు. మూడో వాక్యం బయానా. తప్పు అతనిది కాదు. బత్తాయి మార్కెట్లో టన్నుకు ఇంత అని వ్యాపారి "సూట్" పేరుతో అదనపు కాయలు తీసుకుంటాడు. అది ఇచ్చి ఇచ్చి, పైన కొంత వేయనిదే లోకంలో ఏ పనీ జరగదనే నమ్మకం అతని చేతివేళ్లలోకి దిగిపోయింది.

అతని భార్య రాసింది ఇంకోలా ఉంది. "టీచర్ గారూ, ఇది మార్కుల కోసం రాస్తున్న ఉత్తరం కాదు. దయచేసి అలా అనుకోవద్దు." గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోవడం. అప్పటిదాకా ఆ టీచరమ్మకు మార్కుల సంగతే తట్టి ఉండదు. ఈ వాక్యం చదివాక ఇక వేరేది తట్టదు.

నేను వాళ్లకు దానపత్రం గురించి చెప్పాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 122వ సెక్షన్ ప్రకారం దానం అంటే ఇష్టపూర్వకంగా, ప్రతిఫలం లేకుండా ఇచ్చేది. పుచ్చుకునేవారు ఒప్పుకుంటేనే అది పూర్తవుతుంది. అంటే ఇచ్చేవాడి మంచి మనసు ఒక్కటే చాలదు. అవతలివారు చెయ్యి చాపడానికి ఇబ్బంది లేకుండా కూడా ఉండాలి. టీచరమ్మ సర్కారు ఉద్యోగి. ఉద్యోగులు కానుకలు తీసుకోవడం మీద 1964 నాటి ప్రవర్తన నియమాల్లో కట్టడి ఉంది. కనుక ఆమె నిశ్చింతగా తీసుకోగలిగింది ఒక్కటే ఉంది: ఏమి చేశారో అది రాసి, దానివల్ల ఇంట్లో ఏమి జరిగిందో రాసి, అక్కడితో ఆపిన కాగితం.

"ఇంట్లో ఏమి జరిగింది?" అని అడిగాను.

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొగడ్తలు అడిగితే గంప నిండా తెచ్చేవారు, జరిగింది అడిగితే ఆలోచించవలసి వచ్చింది. ఆఖరుకు ఆమెకే గుర్తొచ్చింది. పాప ఇంటికి వచ్చాక గౌను మాట ఎత్తనే లేదట. అన్నం ముందు కూర్చుని, గరిటెతో పళ్లెం మీద కొడుతూ, బడి గంట ఎలా మోగిందో నాయనమ్మకు, పక్కింటివాళ్లకు, పాలు పోయడానికి వచ్చినవాడికి వినిపించిందట.

"అదే రాయండి" అన్నాను. వాళ్లకు నచ్చలేదు. ఇంత చిన్న సంగతి రాస్తే టీచరమ్మ చిన్నబుచ్చుకోదా, కనీసం "మీ సేవలు మరువలేనివి" అని అయినా ఉండాలి కదా అని అబ్బాయి పట్టుబట్టాడు. ఆ వాక్యం రిటైరయ్యేవారికి శాలువా కప్పేటప్పుడు చదివేది, ఇంకా పాతికేళ్ల సర్వీసు ఉన్న మనిషిని ఇప్పుడే సాగనంపకు అన్నాను. సంక్షేమం కోరే మాటలు, రేపటి మాటలు, మన తాహతు తెలిపే మాటలు అన్నీ కొట్టేశాక కాగితం మీద ఇది మిగిలింది:

"టీచర్ గారికి నమస్కారం. సోమవారం మా పాప పుట్టినరోజు. గౌను అందక యూనిఫాంలో వచ్చింది. మీరు మధ్యాహ్నం గంట తన చేత కొట్టించారు. ఇంటికి వచ్చాక గౌను సంగతి మరిచిపోయింది. రాత్రి పడుకునే దాకా పళ్లెం మీద గరిటెతో ఆ గంట మాకు వినిపించింది. మీకు మా ధన్యవాదాలు."

కింద ఇద్దరి సంతకాలు. సాక్షుల సంతకాలు కూడా పెట్టిద్దామా అని అబ్బాయి అడిగాడు. స్థిరాస్తి దానానికైతే ఇద్దరు సాక్షులు తప్పనిసరి గానీ, గరిటె మోతకు ఊరంతా సాక్ష్యమే కదా అన్నాను. కవరు అంటించవద్దనీ, తెరిచిన కాగితమే పంపమనీ చెప్పాను. అంటించిన కవరు ఒక టీచరు చేతికి వెళితే, లోపల ఏముందో అని స్టాఫ్ రూము అంతా ఊహించుకుంటుంది.

పని అయిపోయిందనుకున్నాను. నిజానికి నా పని అయిపోయింది. వాళ్ల ఇంట్లో పని అప్పుడే మొదలైంది.

మర్నాడు పొద్దున తల్లి ఆ కాగితాన్ని పాప తెలుగు వాచకంలో పెట్టింది. తండ్రికి ఏదో గుర్తొచ్చింది. బతుకమ్మకు పాపను అమ్మమ్మ ఊరికి పంపాలంటే సెలవులకు రెండు రోజుల ముందే బయలుదేరాలి. ఎలాగూ ఒక కాగితం పోతోంది కదా అని, సెలవు చీటీ రాసి అదే వాచకంలో, సరిగ్గా ఆ ఉత్తరం పక్కనే పెట్టాడు. ఇక నాయనమ్మ. టీచరమ్మ దగ్గరికి ఉత్తి కాగితం పంపడం ఏమిటి, మనం తోట ఉన్నవాళ్లమా కాదా అని, మంచి కాయలు ఏరి డజను బత్తాయిలు సంచిలో వేసింది. చీటీ సంగతి గానీ, సంచి సంగతి గానీ, పెట్టినవారికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

పాప ఆ మూడింటినీ ప్రార్థన సమయంలో, హెడ్మాస్టరు ఎదుట, బడి మొత్తం వరుసల్లో నిలబడి ఉండగా టీచరమ్మ చేతిలో పెట్టింది. పెట్టి, గట్టిగా, "ఇవన్నీ మీకే టీచర్, గంట కొట్టించినందుకు" అంది.

ఆ చట్టంలోనే 127వ సెక్షన్ ఉంది. ఒకే బదిలీ కింద కొన్ని వస్తువులు ఇచ్చి వాటిలో ఒకదానికి భారం ఉంటే, భారం లేనివి మాత్రం ఏరుకుంటాననడానికి వీల్లేదు. తీసుకుంటే అన్నీ తీసుకోవాలి. విడివిడి బదిలీలైతే ఏరుకోవచ్చు. ధన్యవాదం, బత్తాయిలు, సెలవు చీటీ ఒకే చేత్తో అందాయి. ఏ వకీలును అడిగినా మొత్తం తిప్పి పంపమనేవాడు. టీచరమ్మ వకీలును అడగలేదు. సాయంత్రం పాప చేత ఒక చీటీ పంపింది: "ఉత్తరం నేను ఉంచుకున్నాను. బత్తాయిలు పిల్లలందరూ తిన్నారు. సెలవు చీటీ వచ్చే వారం విడిగా పంపండి." ఒక దస్తావేజును మూడు ముక్కలు చేసి, ఒక్కొక్క దానిని దాని దారిన పంపించింది. నా బల్ల పక్కన ఆమెకు ఒక కుర్చీ వేయవచ్చు.

అక్కడితో ఆగితే ఈ వ్యాసం లేదు. పిల్లలు బత్తాయిలు తిన్నారు గానీ, పాప అన్న మాటను మాత్రం మింగలేదు. డజను బత్తాయిలకు ఒక గంట అని లెక్క కట్టారు. మర్నాడు మూడో తరగతి పిల్లవాడు ఒకడు నాలుగు కోడిగుడ్లు జేబుల్లో పెట్టుకుని వచ్చాడు. బడికి చేరేసరికి రెండు మిగిలాయి. ఇంకొకడు చెరుకుగడ ఈడ్చుకొచ్చాడు. ఒక పిల్ల తన కంటే కొంచెం చిన్న సొరకాయను చంకన వేసుకుని వచ్చి, తనకు పొద్దున గంట, సాయంత్రం గంట రెండూ కావాలని అడిగింది. కాయ పెద్దది కాబట్టి అది న్యాయమే.

హెడ్మాస్టరు ఆ రోజే గోడకు ఒక కాగితం అంటించారు. ఇకమీదట గంట హాజరు పట్టీ వరుస ప్రకారం రోజుకొకరు కొట్టాలి, పుట్టినరోజుతో గానీ, పంటతో గానీ సంబంధం లేదు. గుడ్లు, చెరుకు వెనక్కి వెళ్లాయి. సొరకాయ మాత్రం ఆ కాగితం అంటించే లోపే, ఎవరో బడికి ఇచ్చారనుకున్న వంట ఆమె చేతిలో పడి పప్పులో కలిసిపోయింది.

ఆ సాయంత్రమే సొరకాయ పిల్ల తల్లి నా బల్ల దగ్గరికి వచ్చింది. సరుకు ముట్టింది, గంట మోగలేదు, హెడ్మాస్టరుకు ఒక నోటీసు రాయమంది. ముట్టినట్టు రసీదు ఉందా అని అడిగాను.

"రసీదు ఎందుకు బాబాయ్? బడి పిల్లలందరూ తిన్నారు, అడగండి" అంది.