ఆ ఫొటో తీసేయించుకోవడమెలా?

రాత్రి పదకొండు దాటాక ఓ కాలేజీ అమ్మాయికి స్నేహితురాలు ఒక లింకు పంపిస్తుంది. తెరిచి చూస్తే, కాలేజీ పేరు చివర 'కన్ఫెషన్స్' అని తగిలించుకున్న ఇన్‌స్టాగ్రామ్ పేజీలో తన ఫొటో. ఫ్రెషర్స్ డే రోజు చీర కట్టుకుని, క్యాంటీన్ మెట్ల మీద తీసుకున్న సెల్ఫీ అది. దాని కింద బ్రాంచి, సంవత్సరంతో సహా ఓ వెకిలి వ్యాఖ్య, ఆ కింద బారెడు కామెంట్లు. పేజీ నడిపేది ఎవరో తెలియదు. పక్క బెంచీవాడే కావచ్చు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇది ఎవరూ వినని ముచ్చట కాదు. ఆ అమ్మాయి ఆ క్షణం నుంచి ఏం చేయాలన్నది మాత్రం ఆమెకు చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ మాటలు.

ఇలాంటప్పుడు ఇంట్లో అన్నయ్యో, క్లాసులో స్నేహితులో ముందుగా చేసే పని కామెంట్లలోకి దిగి తిట్టడం. 'నువ్వెవడ్రా, దమ్ముంటే బయటికి రా' అని మెసేజ్ పెట్టడం. అడ్మిన్‌కు కావలసింది సరిగ్గా అదే. ఆ మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి రెండో పోస్టు చేస్తాడు. మొదటిది చూడనివాళ్లు కూడా వెనక్కి వెళ్లి చూస్తారు. ప్రతి కామెంటూ ఆ పోస్టును మరో నలుగురి ముందుకు తోసేదే. కాబట్టి ఒక్క కామెంటు కూడా వద్దు, మద్దతు కామెంట్లయినా సరే.

తీసేయమని అడిగే ముందు చేయవలసిన పని ఒకటుంది: ఆధారం దాచుకోవడం. పోస్టు లింకును కాపీ చేసి పెట్టుకోవాలి. పేజీ పేరు, వ్యాఖ్య, కామెంట్లు, తేదీ కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ తీసుకోవాలి. పోస్టును స్క్రీన్‌షాట్ తీసినట్టు అవతలివాళ్లకు తెలియదు. స్టోరీగా పెట్టి ఉంటే 24 గంటల్లో మాయమవుతుంది గనుక ముందు దాన్ని పట్టుకోవాలి. ఇలాంటి పేజీలు గొడవ ముదరగానే పేరు మార్చేస్తాయి. రేపు ఫిర్యాదు చేయబోతే ఆ పేరుతో పేజీయే కనిపించకపోవచ్చు. అందుకే పేరొక్కటే రాసుకుంటే చాలదు, లింకు కూడా కావాలి. తన ఖాతాను ట్యాగ్ చేసి ఉంటే ట్యాగ్ తీసేసి, ఖాతాను ప్రైవేట్‌లో పెట్టుకోవాలి. ఇవన్నీ అయ్యేదాకా ఆ పేజీని బ్లాక్ చేయకూడదు. బ్లాక్ చేస్తే తన కంటికే కనిపించదు, ఊరంతటికీ కనిపిస్తూనే ఉంటుంది.

ఆ తర్వాతే అడ్మిన్‌కు మెసేజ్. ఇలా రాస్తే చాలు: 'ఈ పోస్టులో ఉన్నది నా ఫొటో. నన్ను అడగకుండా పెట్టారు. రేపు రాత్రి 8 గంటలలోపు డిలీట్ చేయండి. ఆర్కైవ్ చేయడం కాదు, పూర్తిగా తీసేయాలి.' దాని కింద పోస్టు లింకు. అంతే. ఆర్కైవ్ మాట ఎందుకంటే, అలా దాచిన పోస్టును ఒక్క నొక్కుతో మళ్లీ పైకి తేవచ్చు. ఇందులో సంజాయిషీ లేదు, బతిమాలడం లేదు, పోలీసుల పేరూ లేదు. చాలా పేజీలను ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఒకే పాస్‌వర్డ్‌తో నడుపుతుంటారు. పరువు పోకుండా తప్పుకునే దారి చూపిస్తే అందులో ఒకడైనా తీసేసే అవకాశం ఉంది. సవాలు విసిరితే ఆ దారి మూసుకుపోతుంది.

ఒకవేళ అతను 'నువ్వే అని నమ్మకమేంటి, ఇంకో ఫొటో పంపు, ఐడీ కార్డు పంపు' అంటే మాట అక్కడితో ఆపేయాలి. ఫోన్ నంబరూ ఇవ్వకూడదు. డబ్బడిగితే అది బేరం కాదు, బెదిరించి వసూలు చేయడమనే నేరం. చాట్‌ను అలాగే ఉంచి నేరుగా పోలీసుల దగ్గరికి, లేదా cybercrime.gov.in కు వెళ్లాలి.

గడువు దాటినా జవాబు లేకపోతే ఇన్‌స్టాగ్రామ్ కంపెనీకి ఫిర్యాదు చేయాలి. ఇక్కడే మనవాళ్లు పొరపాటు పడతారు. క్లాసు మొత్తం చేత రిపోర్ట్ కొట్టిస్తే పోతుందనుకుంటారు. ఎంతమంది రిపోర్ట్ చేశారన్న లెక్క మీద పోస్టులు పోవు. వేధింపు కింద 'ఇది నా గురించే' అని ఫొటోలోని మనిషి స్వయంగా చేసే ఫిర్యాదుకు బరువెక్కువ. అలా చేసినవాళ్ల పేరు అడ్మిన్‌కు చెప్పరు.

దీనికంటే పదునైన దారి ఇంకొకటుంది. అది కాపీరైటు. సెల్ఫీ తీసుకున్నది ఆమె గనుక ఆ ఫొటో మీద హక్కు ఆమెదే. స్నేహితురాలు తీసి ఉంటే హక్కు స్నేహితురాలిది, ఫిర్యాదూ ఆమే చేయాలి. పెళ్లిలో డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు తీయించుకున్నవారేనని 1957 నాటి కాపీరైటు చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. వ్యాఖ్య వేధింపా, సరదానా అన్న వాదనతో ఇక్కడ పని లేదు, ఫొటో ఎవరిదన్నదే ప్రశ్న. కానీ ఒక చిక్కుంది. ఈ రకం ఫిర్యాదులో ఇచ్చిన పేరు, ఈమెయిల్ అవతలి వ్యక్తికి చేరతాయి. పేజీలో ఆమె పేరు ఇంకా బయటపడకపోతే ఈ దారి నష్టమే చేయవచ్చు. వెళ్లక తప్పదనుకుంటే రోజూ వాడే మెయిల్ కాకుండా వేరొకటి తెరిచి ఇవ్వడం మేలు.

చట్టం పరిధి గురించి దాపరికం లేకుండా చెప్పుకోవాలి. నగ్నంగా, అర్ధనగ్నంగా చూపేవి, మార్ఫింగ్ చేసినవి అయితే బాధితులో, వారి తరఫున మరొకరో ఫిర్యాదు చేసిన 24 గంటలకు మించకుండా తొలగించాలని 2021 ఐటీ నిబంధనలు కంపెనీలను ఆదేశించాయి. 2026 ఫిబ్రవరి సవరణతో ఆ గడువు రెండు గంటలకు తగ్గింది. అలాంటి ఫొటో అయితే అడ్మిన్‌ను బతిమాలుతూ ఒక పూట కూడా పోగొట్టుకోనక్కర్లేదు. చీర కట్టుకున్న సెల్ఫీ, కింద ఎకసెక్కం మాత్రమే అయితే ఆ గడువు వర్తించదు. అప్పుడు కంపెనీకి భారత్‌లో ఉన్న గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయాలి. ఆయన కాదంటే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వ అప్పీలు కమిటీకి gac.gov.in లో వెళ్లవచ్చు. వకీలుతో పనిలేదు, అంతా ఆన్‌లైనే. కానీ ఈ లోపు సెమిస్టర్ పరీక్షలు వచ్చి వెళ్లిపోవచ్చు. ఎకసెక్కానికి బలైన మనిషికి ఈ నడక చాలా నెమ్మది. ఈ తేడాను సరిచేయవలసింది కేంద్రమేనని మేం భావిస్తున్నాం.

కాలేజీల మీద కూడా మాకు ఒక ఫిర్యాదుంది. పేజీ పేరులో తమ పేరున్నా 'అది మా అధికారిక ఖాతా కాదు' అని చేతులు దులుపుకుంటున్న యాజమాన్యాలున్నాయి. తమ పేరును వాడుకుంటున్నారని కంపెనీకి రాసే పని బాధితురాలిది కాదు, యాజమాన్యానిదే. ఇక పోలీస్ స్టేషన్లో 'ఇన్‌స్టా తీసేయమ్మా, గొడవే ఉండదు' అనే సలహా మానుకోవాలి. ఆమె ఖాతా మూసేసినా ఆ పేజీలో ఫొటో ఉంటుంది. అడ్మిన్ ఎవరో కంపెనీ ఆమెకు చెప్పదు, అడిగి తెలుసుకోగలిగింది పోలీసులే.

పేజీలో పోస్టు పోయాక కూడా అదే ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. ఆ గ్రూపుల అడ్మిన్లు అజ్ఞాతంగా లేరు, వాళ్ల నంబర్లు గ్రూపులోనే కనిపిస్తాయి. పై నాలుగు వాక్యాల మెసేజే వాళ్లకూ పంపవచ్చు. 'అందరికీ డిలీట్ చేయి' అన్న మీట అడ్మిన్ చేతిలో ఉంటుంది.