మా సార్‌కి నేనిచ్చిన చేబదులు

నన్ను ఉద్యోగి అనకండి, దయచేసి. నేను ఫైనాన్షియర్‌ని. మాదాపూర్‌లో ఇరవై మంది పనిచేసే ఒక చిన్న కంపెనీకి జూన్ నుంచి నెలకు 42,000 చొప్పున అప్పిస్తున్నాను. వడ్డీ లేదు, ప్రామిసరీ నోటు లేదు. అక్టోబరుతో ఐదు నెలలైంది, అంటే 2,10,000. ఇంత డబ్బు నాకెక్కడిదంటారా? క్రెడిట్ కార్డు ఉందిగా! వాడు నూటికి నెలకు మూడు రూపాయల పైనే గుంజుతాడు. నేను ఆ వడ్డీకి తెచ్చి, మా సార్‌కి ఊరికే ఇస్తున్నాను.

'వచ్చే శుక్రవారం పడిపోతాయి' అనేది మా ఆఫీసు పంచాంగంలో శాశ్వత తిథి. శుక్రవారాలు వస్తున్నాయి. డబ్బులే రావడం లేదు.

మొన్న దసరాకి మూడు నెలల జీతాలు బాకీ ఉండగా ఆయుధ పూజ పెట్టారు. 'మనమంతా ఒక కుటుంబం' అని గ్రూపులో మెసేజ్, దాని కిందే 'తలా రెండు వందలు'. ఇచ్చాం. ల్యాప్‌టాప్‌లన్నిటికీ పసుపు కుంకుమలు, రౌటర్‌కి బంతిపూల దండ. నా ఎంటర్ బటన్ సందులో ఆ కుంకుమ ఇప్పటికీ ఉంది. అంతా బాగానే జరిగింది, పంతులుగారి దక్షిణ దగ్గరికి వచ్చేదాకా. మా సార్ అలవాటుగా 'సర్వర్ డౌన్ ఉంది పంతులుగారూ, సాయంత్రం కొట్టేస్తాను' అన్నారు. పంతులుగారు నవ్వి, 'పర్లేదు నాయనా, వచ్చిందాకా కూర్చుంటాను' అని పీట మీద ఇంకాస్త సర్దుకున్నారు. రెండే నిమిషాల్లో సర్వర్ లేచింది. 1,116 పడ్డ చప్పుడు మేమందరం విన్నాం. ఆ నెలలో ఆ ఆఫీసులో చేసిన పనికి డబ్బు అందుకున్న మానవుడు ఆయనొక్కడే, అదీ పీట మీంచి లేవనందుకు. మేం మాత్రం చప్పట్లు కొట్టి ప్రసాదం తిని, పెండింగ్ టికెట్లు క్లోజ్ చేయడానికి వెళ్లాం. గుమ్మడికాయ కొట్టింది మా ఆఫీస్ బాయ్. ఆ ముక్కలు ఊడ్చిందీ అతనే.

అతని జీతం 13,000. పీఎఫ్ కింద నెలకు 1,560 కోత. మేలో ఒకసారి అతని ఫోన్‌లో పాస్‌బుక్ తెరిచి చూస్తే ఫిబ్రవరి జీతం తర్వాత ఒక్క ఎంట్రీ లేదు. నెల తిరిగిన పదిహేను రోజుల్లో కట్టాల్సిన డబ్బది. జీతాలు సవ్యంగా పడుతున్న రోజుల్లోనే, పేస్లిప్‌లో కోసి చూపించి మరీ, కట్టలేదు. నాకు అప్పుడే అర్థం కావాల్సింది. మునిగే కంపెనీలో ముందు ఆగేది పీఎఫ్, ఆ తర్వాతే జీతం. క్లయింటు పేమెంట్ ఆలస్యమైందని చెబుతారే, ఆ కోసిన 1,560 క్లయింటుది కాదు. గిన్నెలు కడిగి, టీలు మోసి అతను సంపాదించుకున్నది. అది తినడం ఆలస్యం కాదు, దొంగతనం. ఐపీసీ ఉన్న రోజుల నుంచీ చట్టంలో దాని పేరు నమ్మకద్రోహం. ఆ మనిషి కూతురి స్కూలు ఫీజు కోసం చెవి దుద్దులు తాకట్టు పెట్టిన వారమే మా సార్ కొత్త కారు ఫొటో స్టేటస్‌లో పెట్టారు. సిగ్గుండాలి.

సరే, శాంతం.

ఇంకెన్నాళ్లు ఉండాలి? మానేస్తే పాత బాకీ పోతుందేమోనని ఉంటాం, ఉన్నందుకు బాకీ ఇంకో నెల పెరుగుతుంది. పోయిన గేదె కోసం పలుపు మెడలో వేసుకుని తిరిగినట్టు. దివాలా చట్టం ఉంది కదా అన్నాడో మిత్రుడు. ఉంది. 2020 నుంచి దాని గడప కోటి రూపాయలు. నా జీతంతో నేనొక్కణ్ణే కోటి బాకీకి చేరాలంటే 239 నెలలు, అంటే దాదాపు ఇరవై ఏళ్లు జీతం లేకుండా పనిచేయాలి. మా సార్‌కి ఈ ఆఫర్ నచ్చుతుంది.

2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకొచ్చింది. జీతం మరుసటి నెల 7వ తేదీలోపు పడాలి, రాజీనామా చేసినవాడికి రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. అందుకే చెప్పాపెట్టకుండా మానేయలేదు. అలా చేస్తే 'పరారీ' అని ముద్రేసి రిలీవింగ్ లెటర్ ఎగ్గొడతారు. అకౌంటెంట్ కూడా మానేశాడని తెలిసిన రోజే, నెలలవారీ బాకీ రాసి, మెయిల్లో రాజీనామా పంపాను. ఆ మెయిలూ పేస్లిప్‌లూ నా సొంత మెయిల్‌కి కూడా పంపుకున్నాను. ఆఫీసు మెయిల్ ఏ క్షణాన మూసేస్తారో ఎవరికి తెలుసు? అవి లేకుండా లేబర్ ఆఫీసుకెళితే నాకున్నది నా నోరొక్కటే.

ఐదు నెలల్లో ఏ మెయిల్‌కీ ఇంత వేగంగా జవాబు రాలేదు. పదకొండు నిమిషాలు. 'మీ నోటీసు పీరియడ్ రెండు నెలలు. వెంటనే వెళ్లదలిస్తే 84,000 కంపెనీకి చెల్లించగలరు. శుక్రవారంలోపు.'