నార్మల్ అని వచ్చిన రిపోర్టును మూడు నెలలకు మళ్లీ ఎందుకు చూడాలి?

దేవరకొండ అవతలి ఊరి నుంచి పదేళ్ల పిల్లాడిని నల్లగొండలో నేను పనిచేసే ఆస్పత్రికి తెచ్చారు. వైవాక్స్ మలేరియా. దానికిచ్చే ప్రైమాక్విన్ గోళీ మొదలుపెట్టిన మూడో రోజుకే మూత్రం డికాషన్ రంగులోకి మారింది, కళ్లు పచ్చబడ్డాయి. "పసిరికలైనయ్ సార్, పసరు పోయిస్తం" అంది వాళ్లమ్మ. పసిరికలు కావు, రక్తకణాలు పగిలిపోతున్నాయి. హిమోగ్లోబిన్ 7కి పడింది. గోళీ ఆపేశారు. వారం తర్వాత ల్యాబ్‌లో, ఎర్ర రక్తకణాలను కాపాడే జి6పిడి అనే ఎంజైమ్ ఎంత ఉందో పరీక్ష చేస్తే నార్మల్ అని వచ్చింది.

మెషిన్ తప్పు చెప్పలేదు. అది కొలిచిన కణాలు వేరు.

మూలుగలో తయారయ్యే ఎర్ర రక్తకణం రక్తంలోకి వచ్చే ముందు తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. పక్కనే ఉన్న మాక్రోఫేజ్ అనే కణం దాన్ని మింగేస్తుంది. లోపల హిమోగ్లోబిన్‌కు చోటు మిగులుతుంది, కణం మెత్తగా వంగి తన కంటే సన్నని సందుల్లోంచి కూడా దూరిపోగలుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రోటీన్ తయారుచేసే రైబోజోములు కూడా పోతాయి. ఇక కొత్త ఎంజైమ్ ఒక్కటీ తయారు కాదు. పుట్టినప్పుడు కట్టుకొచ్చిన సద్దితోనే సుమారు 120 రోజులు గడపాలి. (కోడి రక్తకణంలో కేంద్రకం ఉంటుంది, అయినా అది నెల రోజులకు అటూ ఇటూగానే బతుకుతుంది. కాబట్టి ఆయుష్షుకు కేంద్రకం ఒక్కటే కారణం కాదు. మన కణానికి మాత్రం మరమ్మతు దారి మూసుకుపోయింది.)

ఆ సద్దిలో ముఖ్యమైనది జి6పిడి. ఆక్సీకరణ దెబ్బ నుంచి హిమోగ్లోబిన్‌ను కాపాడే శక్తి దీని వల్లే వస్తుంది. లోపం ఉన్నవాళ్లలో ఈ ఎంజైమ్ త్వరగా చెడిపోతుంది. కొత్త కణంలో కొంత ఉంటుంది, ముదిరిన కణంలో దాదాపు ఉండదు. ప్రైమాక్విన్ దెబ్బకు ముందు పగిలేవి ముదురు కణాలే. వాటి బదులు మూలుగ లేత కణాలను హడావిడిగా పంపుతుంది. వారం తర్వాత మనం తీసిన రక్తంలో ఎక్కువగా ఉన్నవి ఆ లేత కణాలు. అందుకే పరీక్ష నార్మల్. లోపం మరీ తీవ్రంగా ఉంటే అప్పుడు కూడా తక్కువే చూపిస్తుంది, మధ్యస్థంగా ఉన్నవాళ్ల దగ్గరే మోసపోతాం. రక్తం ఎక్కించి ఉంటే ఇంకో చిక్కు, అప్పుడు దాత కణాలను కూడా కొలుస్తాం.

నా పట్టుదల ఒక్కటే. రక్తకణాలు పగిలిన రోజుల్లో చేసిన జి6పిడి రిపోర్టు మీద రెటిక్యులోసైట్, అంటే లేత కణాల శాతం కూడా రాయాలి. అది ఎక్కువగా ఉంటే "మూడు నెలలకు మళ్లీ చేయించండి" అనే మాట ఉండాలి. అప్పటికి కణాలు అన్ని వయసులవీ కలిసి ఉంటాయి. అసలు ప్రైమాక్విన్ ఇచ్చే ముందే ఈ పరీక్ష చేస్తే ఇంత టెన్షన్ ఉండదు.

మూడు నెలలకు పిల్లాడిని మళ్లీ తెచ్చారు. ఈసారి లోపం తేలింది. ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకు వచ్చేది కాబట్టి, వాడి మేనమామను కూడా తీసుకురమ్మని చెప్పాం.