మొదటి నెల జీతం పట్టి ఉంచితే మనుషులు ఉండిపోతారా?

"హోటల్ నడిపేవాళ్లకు అనుభవజ్ఞుల ఐదు సూత్రాలు: 1. ఈ తరం కుర్రాళ్లకు నిలకడ లేదు, ఏం చేసినా మానేస్తారు. 2. డ్యూటీ చార్ట్ ముందే ఇవ్వొద్దు, ముందు రోజు రాత్రి చెప్పండి. లేకపోతే సొంత పనులు పెట్టుకుంటారు. 3. మొదటి నెల జీతం మీ దగ్గరే పట్టి ఉంచండి, కదలరు. 4. స్టాఫ్‌కి వేరే వంట దండగ, మిగిలింది పెట్టండి చాలు. 5. అన్ని సెక్షన్లూ నేర్పితే పక్క హోటల్‌కి పోతాడు, ఒక్క పనే చేయించండి. తోటి ఓనర్లకు షేర్ చేయండి."

షేర్ చేశారు. బాగా చేశారు. ఈ వారంలో నాకు ఇది నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్లలో ఇద్దరు, పోయిన నెలే నాకు ఫోన్ చేసి "ఎవరైనా వంటవాడు ఉంటే చూడరా" అని అడిగినవాళ్లు. ఇరవై ఏళ్లుగా కిచెన్లలో ఉన్నాను, అందులో సగం కాలం డ్యూటీ చార్ట్ రాసింది నేనే. కాబట్టి ఈసారి చప్పట్ల బొమ్మ పెట్టి ఊరుకోలేకపోతున్నాను.

ఒకటో సూత్రం మీద టైమ్ దండగ. నేను పనిలో చేరినప్పుడు మా తరం గురించి కూడా ఇదే అన్నారు. అన్నాయన వయసులో ఉన్నప్పుడు ఆయన గురించీ అనే ఉంటారు.

రెండోది మాత్రం అలా వదిలేది కాదు. మనుషుల్ని తరిమేసేది ఇదే.

ఒక పాత కిచెన్ లెక్క చెబుతాను. అక్కడికి ఇన్‌చార్జిగా వెళ్లిన కొత్తలో, అంతకుముందు ఏడాది మానేసినవాళ్ల పేర్లు, చేరిన తేదీ, చివరి రోజు ఒక కాగితం మీద రాసుకున్నాను. పదిహేడు మంది. అందులో పదకొండు మంది చేరిన అరవై రోజుల్లోపే పోయారు. జీతం చాలక పోయారనుకుందాం. మరి జీతం ఎంతో చేరేరోజే తెలుసు కదా? చేరేటప్పుడు తెలియనిదేదో చేరాక తెలిసింది. అదేంటో చూద్దామని, వాళ్ల చివరి రెండు వారాల డ్యూటీలు పాత చార్టుల్లోంచి తీశాను. దాదాపు అందరిదీ ఒకటే కథ: రాత్రి క్లోజింగ్, మర్నాడు పొద్దున్నే ఓపెనింగ్.

ఆ డ్యూటీ ఎలా ఉంటుందో గడియారం పెట్టి చూడండి. చివరి ఆర్డర్ పదకొండుకి. స్టవ్‌లు తుడిచి, డ్రెయిన్ కడిగి, ఫ్రిజ్‌లో డబ్బాలకు తేదీలు అంటించి బయటపడేసరికి పన్నెండున్నర. ఇల్లు చేరేసరికి ఒకటింపావు. కాళ్లు పీకుతుంటే వెంటనే నిద్ర పట్టదు, రెండవుతుంది. పొద్దున ఎనిమిదికి మళ్లీ కత్తి పట్టుకోవాలంటే ఆరున్నరకి లేవాలి. నిద్ర నాలుగున్నర గంటలు. మూడో రోజుకి వాడు వేలు కోసుకుంటాడు, లేదా ఒకే ఆర్డర్ రెండుసార్లు చేస్తాడు. అప్పుడు మనం "శ్రద్ధ లేదు" అని తిడతాం. నాలుగో రోజు రాడు. ఫోన్ స్విచాఫ్. మళ్లీ ఒకటో సూత్రం గుర్తొస్తుంది.

యూరప్‌లో పనిగంటల మీద 2003లో ఒక డైరెక్టివ్ తెచ్చారు. రోజుకి కనీసం 11 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలని అందులో ఉంది. చట్టం ఉన్నా లేకపోయినా ఆ 11 గంటలని చార్ట్ రాసేటప్పుడు పెన్సిల్‌తో పాటు పట్టుకోవాలి. పన్నెండున్నరకి వదిలినవాణ్ని మర్నాడు పదకొండున్నర లోపు పిలవకూడదు. అంటే క్లోజింగ్ చేసేవాడి డ్యూటీ పన్నెండుకి మొదలు.

"మరి పొద్దున్నే ఎవరొస్తారు?" అంటారా? వీక్లీ ఆఫ్‌ని ఎక్కడ పెట్టాలో తెలిస్తే చాలు. ఒక మనిషికి క్లోజింగ్‌లు విడివిడిగా కాకుండా మూడు రోజులు వరుసగా వేయండి. సోమ, మంగళ, బుధ క్లోజింగ్. గురువారం ఆఫ్. శుక్రవారం పొద్దున ఓపెనింగ్. బుధవారం పని అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకి ముగిసినా, శుక్రవారం ఎనిమిదికి మధ్యలో ముప్ఫై ఒకటిన్నర గంటలు దొరుకుతాయి. ఓపెనింగ్ నుంచి క్లోజింగ్‌కి మారేటప్పుడు ఆఫ్ అక్కర్లేదు. సాయంత్రం ఐదుకి పోయినవాడు మర్నాడు పన్నెండుకి వస్తే పంతొమ్మిది గంటలు ఎటూ ఉన్నాయి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఆఫ్‌ని ఓపెనింగ్‌ల తర్వాత పెట్టేసి, క్లోజింగ్ పక్కనే ఓపెనింగ్ అతికిస్తారు. ఆఫ్ ఇచ్చినట్టూ ఉంటుంది, మనిషి పోయినట్టూ ఉంటుంది.

ఇక ముందు రోజు రాత్రి చెప్పే తెలివి. రేపు ఎప్పుడు రావాలో తెలియనివాడు డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోలేడు, పిల్లాణ్ని స్కూల్లో ఎవరు దింపుతారో ఇంట్లో చెప్పలేడు. వాడికి సొంత పని పడనే పడుతుంది, మీ అనుమతి అడగదు. చార్ట్ ముందే ఉంటే ఎవరితోనైనా డ్యూటీ మార్చుకుంటాడు. లేకపోతే మిగిలింది ఒక్కటే దారి, చెప్పకుండా ఎగ్గొట్టడం. సెలవులు ఆపుదామని మీరు చేసింది గైర్హాజరీని పెంచింది. శుభం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను మొదటిసారి రెండు వారాల చార్ట్ ముందే గోడకి అంటించినప్పుడు నాకూ దెబ్బ తగిలింది. మార్చుకోండి అన్నాను, ఎలా మార్చుకోవాలో చెప్పలేదు. ఫోన్లలో వాళ్లలో వాళ్లే మార్చేసుకున్నారు. ఒక శనివారం రాత్రి గ్రిల్ దగ్గర ఎవరూ లేరు. అవతలివాడు వస్తాడని ఇద్దరూ అనుకున్నారు. ఆ రాత్రి గ్రిల్ మీద నేనే నిలబడ్డాను. ఈ సూత్రం రాసినాయన పక్కన ఉంటే "చెప్పానా" అనేవాడు, నేను నోరు మూసుకునేవాణ్ని. తర్వాత మార్పిడికి మూడు షరతులు పెట్టాను. ఇద్దరి సంతకాలూ గోడ మీద చార్ట్ మీదే ఉండాలి, ఫోన్ మాట చెల్లదు. వచ్చేవాడు ఆ సెక్షన్ ఒంటరిగా చేయగలవాడై ఉండాలి. మార్పు వల్ల ఎవరికీ 11 గంటల కంటే తక్కువ విరామం రాకూడదు. సంతకాలు పడ్డాక నేను చూసి పక్కన టిక్ పెట్టేవాణ్ని, అంతే. గ్రిల్ మళ్లీ ఖాళీగా పడలేదు.

మూడో సూత్రం. జీతం పట్టి ఉంచితే ఎవరు ఉంటారో ఆలోచించారా? పని బాగా వచ్చినవాడికి పది చోట్ల పిలుపులుంటాయి, ఆ ఒక్క నెలా వదులుకుని పోతాడు. పోవడానికి ఎక్కడా దిక్కులేనివాడు ఉంటాడు. జల్లెడ పట్టి మట్టి దాచుకుని బియ్యం పారబోసే పద్ధతి ఇది. చాలా చోట్ల ఇది చట్టానికి కూడా విరుద్ధమని వేరే చెప్పాలా? అదీకాక, మన డబ్బు మళ్లీ ఇస్తారన్న నమ్మకం లేనివాడు నోటీసు ఇవ్వడు. మీ రిజిస్టర్ తీసి మానేసిన తేదీలు చూడండి. జీతం పడిన మర్నాడే ఎక్కువమంది పోయుంటే, వాళ్లు పోవాలని ముందే నిర్ణయించుకుని ఆ రోజు కోసం కాచుకున్నారని అర్థం. ఆ చివరి వారాల్లో వాళ్లు చేసిన పని ఎలా ఉండి ఉంటుందో మీకే తెలుసు.

డబ్బుతో మనిషిని ఆపాలంటే ఎవరూ ఇష్టపడని గంటలకి కొంచెం ఎక్కువ కట్టాలి. క్లోజింగ్‌కి రోజుకింత అని విడిగా అలవెన్స్ పెట్టి, దాన్ని జీతం స్లిప్పులో వేరే లైన్‌గా చూపించండి. బ్రేక్ షిఫ్ట్‌కి కూడా అంతే. మధ్యాహ్నం మూడుకి వదిలి ఆరున్నరకి పిలిస్తే, ఆ మూడున్నర గంటలు వాడికి ఇల్లూ కాదు, పనీ కాదు. అలవెన్స్ పెట్టాక క్లోజింగ్‌లు శిక్షలా అనిపించడం తగ్గింది. పెళ్లికాని కుర్రాళ్లు ఇద్దరు అడిగి మరీ వేయించుకున్నారు.

నాలుగోది రాసిన మనిషి ఎప్పుడూ సర్వీస్‌లో నిలబడలేదని తెలిసిపోతోంది. మిగిలేది ఎప్పుడు తెలుస్తుంది? సర్వీస్ అయ్యాక. అంటే పొద్దున ఎనిమిదికి వచ్చినవాడు మధ్యాహ్నం మూడున్నరకి, చెత్తబుట్ట పక్కన నిలబడి, చేతిలో గిన్నెతో తింటాడు. అంతవరకు ప్లేట్లు బయటికి వెళ్లేచోట ఒక ముక్క నోట్లో వేసుకుంటూ ఉంటాడు. దాన్ని ఓనర్ కెమెరాలో చూసి దొంగతనం అంటాడు! అది ఆకలి అండీ. భోజనం సర్వీస్‌కి ముందు పెట్టాలి, అరగంట కూర్చుని తినాలి, ఆ అరగంట డ్యూటీలో భాగం కావాలి. చార్ట్‌లో "స్టాఫ్ భోజనం" అని ఒక గడి గీసి, ఆ రోజు వండేవాడి పేరు రాయండి. పేరు రాయకపోతే అది ఎవరి పనీ కాదు, మళ్లీ మిగిలిన గిన్నెలకే వస్తుంది. క్లోజింగ్‌వాళ్లకి రాత్రి ఇంకో విడత, ఇద్దరిద్దరు చొప్పున.

ఐదోది. ఇది నిజం.

అవును, నేర్పితే పోతారు. నేనూ అలాగే పోయాను. ఉల్లిపాయలు తరగడం దగ్గర మొదలుపెట్టి సెక్షన్ అంతా నేర్పినాయన్ని వదిలేసి, పై మెట్టు ఇస్తామన్న చోటికి వెళ్లాను. సిగ్గేమీ పడలేదు. కాకపోతే ఎప్పుడు పోతారన్నదే అసలు సంగతి. ఒక్క పని మీదే ఉంచినవాడికి రేపు కూడా అదే పనని రెండు నెలల్లో అర్థమైపోతుంది. నేను గోడకి ఇంకో కాగితం అంటించాను. ఎడమ పక్క మనుషుల పేర్లు, పైన సెక్షన్లు. ఒక్కో గడిలో ఒక గీత అంటే చూసి నేర్చుకుంటున్నాడు, రెండంటే పక్కన ఒకరుండగా చేస్తాడు, మూడంటే శనివారం రాత్రి కూడా ఒంటరిగా చేస్తాడు. మూడో గీత పడిన నెల నుంచి జీతం ఇంత పెరుగుతుందని కాగితం కిందే రాసి ఉంటుంది. అడుక్కోనక్కర్లేదు. మూడు గీతలవాళ్లు పెరిగేకొద్దీ డ్యూటీలు మార్చుకోవడం తేలికైంది, చార్ట్ రాయడం కూడా.

ఆ కాగితం మీద నాలుగు సెక్షన్లు నింపిన కుర్రాడొకడు పద్నాలుగు నెలలకి వేరేచోట మంచి పని దొరికి వెళ్లాడు. నెల ముందు చెప్పాడు. చివరి రెండు వారాలు తన చోటికి వచ్చినవాడి పక్కన నిలబడి, వాడి గడిలో రెండో గీత తనే గీసి వెళ్లాడు. జీతాలు పట్టి ఉంచిన రోజుల్లో అదే కిచెన్ నుంచి పోయినవాళ్లలో ఒకడైతే స్టోర్ తాళంచెవి జేబులో పెట్టుకుని పోయాడు. ఆ తాళం పగలగొట్టాల్సి వచ్చింది.